రేకు మోసేది, నురుగు మోసేది: పఫ్ ప్యానెల్ నేర్పిన ఆరు పాఠాలు

పఫ్ ప్యానెళ్ళ తయారీలోనూ బిగింపులోనూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. పాలీయూరిథేన్ నురుగుకు రెండు వైపులా పల్చటి ఉక్కు రేకు అతికితే అది పఫ్ ప్యానెల్. కోల్డ్ స్టోరేజ్ గోడలకూ కప్పులకూ వాడేది అదే. ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీన్ని శాండ్‌విచ్ బీమ్ అంటారు. బయట గట్టి పొరలు, మధ్యలో తేలికైన గర్భం.

ఒక మే నెల మధ్యాహ్నం గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజ్ యజమాని ఒకాయన ఫోన్ చేశారు. "ఇంజనీరు గారూ, కప్పు మీద రేకు మడత పడింది. ఎవరూ ఎక్కలేదు, ఏ బరువూ పెట్టలేదు. మీరు పంపిన రేకే నాసిరకం" అన్నారు. వెళ్ళి చూశాను. ఎనిమిది మీటర్ల ప్యానెళ్ళు రెండు కొసల్లోనూ మధ్యలోనూ పర్లిన్‌ల మీద స్క్రూలతో బిగించి ఉన్నాయి. సరిగ్గా మధ్య పర్లిన్ మీద, ముదురు నీలం రంగు పై రేకు ప్యానెల్ వెడల్పంతా ఇస్త్రీ మడతలా లేచింది. వరసగా పదకొండు ప్యానెళ్ళకు అదే చోట అదే గీత.

రేకు నాసిరకం కాదు. ఆ మడత ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ప్యానెల్‌లో ఏ భాగం ఏ బరువు మోస్తుందో మొదటి నుంచీ చెప్పుకు రావాలి. ఆ రోజు యజమానికి చెప్పిన వరసలోనే ఇక్కడా చెబుతాను. లెక్కలకు ఒకే ప్యానెల్ తీసుకుందాం. మందం 100 మిల్లీమీటర్లు, వెడల్పు ఒక మీటరు, రెండు ఆధారాల మధ్య దూరం 4 మీటర్లు. రెండు వైపులా అర మిల్లీమీటరు చదును ఉక్కు రేకు, మధ్యలో ఘనమీటరుకు 40 కిలోల నురుగు. పై నుంచి చదరపు మీటరుకు ఒక కిలోన్యూటన్, అంటే సుమారు నూరు కిలోల భారం సమంగా పడుతోంది అనుకుందాం.

1. వంపును మోసేవి రెండు రేకులే. వాటికి బలం మధ్య దూరం నుంచి వస్తుంది

ప్యానెల్ కిందికి వంగబోయినప్పుడు పై రేకు నొక్కుకుపోతుంది, అడుగు రేకు సాగుతుంది. ఈ రెండు బలాలూ సమానం, దిశలు ఎదురెదురు. రెండూ కలిసి ఒక జంటగా వంపును ఎదిరిస్తాయి. పాత లారీ స్టీరింగ్ అంత పెద్దగా ఎందుకుండేదో డ్రైవర్లకు తెలుసు. ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి లాగుతున్నప్పుడు చేతుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత తక్కువ బలం చాలు. ప్యానెల్‌లో ఆ రెండు చేతులూ రెండు రేకులు.

మన ప్యానెల్ మధ్యలో వంపు ఘాతం 2 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది. రేకుల మధ్య దూరం, ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమి వరకు, 99.5 మిల్లీమీటర్లు. ఘాతాన్ని ఈ దూరంతో భాగిస్తే ఒక్కో రేకు మోసే బలం సుమారు 20 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నులు. చేతితో వంచగలిగే రేకు రెండు టన్నులు ఎలా మోస్తుందని కొత్తవాళ్ళు అడుగుతారు. మోస్తుంది, ఎందుకంటే ఆ బలం రేకు పొడవునా పోతుంది, రేకును వంచడం లేదు. మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న రేకు కోత వైశాల్యం 500 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద ఒత్తిడి:

σ = M / (b·t·d) = 2000000 / (1000 × 0.5 × 99.5) ≈ 40 మెగాపాస్కల్

ఇందులో M వంపు ఘాతం, b వెడల్పు, t రేకు మందం, d రేకుల మధ్య దూరం. మామూలు ఉక్కు 250 మెగాపాస్కల్ దాకా శాశ్వతంగా సాగిపోకుండా నిలబడుతుంది. 40 దానిలో ఆరో వంతే.

ఇదే ఉక్కును, రెండు రేకులనూ కలిపి ఒకే మిల్లీమీటరు పలకగా అదే దూరం మీద పరిచి చూడండి. అదే భారానికి లెక్కలో ఒత్తిడి 12 వేల మెగాపాస్కల్ వస్తుంది. అంటే ఆ పలక నిలబడదు, కుప్పకూలుతుంది. ఉక్కు అంతే, బరువు అంతే. విడదీసి దూరంగా పెట్టడంతో వంపు బిగువు సుమారు 30 వేల రెట్లు పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు మస్కిటో విమానంలో బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టింది కూడా ఈ సూత్రంతోనే.

ఈ ఒత్తిడి అంతటా ఒకేలా ఉండదు. ఆధారాల దగ్గర సున్నా, మధ్యకు పోయేకొద్దీ పెరిగి నడిమిన గరిష్ఠం. రేకుకు అతి కష్టమైన చోటు ప్యానెల్ నడుము. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరమవుతుంది.

2. నురుగు వంపును మోయదు, కోతను మోస్తుంది

నేను పనిలో చేరిన కొత్తలో నురుగు పని రెండు రేకులనూ దూరంగా ఉంచడం, చల్లదనాన్ని ఆపడం, అంతే అనుకునేవాణ్ణి. అది సగం నిజం.

నూరు పేజీల నోటుపుస్తకాన్ని రెండు కొసలా పట్టుకుని వంచండి. అంచున పేజీలు ఒకదాని మీద ఒకటి జారి మెట్లుమెట్లుగా నిలుస్తాయి. పేజీలన్నీ జిగురుతో అతికి ఉంటే జారవు, పుస్తకం వంగనంటుంది. ఆ జారుడును ఆపే బలమే కోత బలం. ప్యానెల్‌లో పై రేకు ఒకవైపు, అడుగు రేకు ఇంకోవైపు జారిపోవాలని చూస్తాయి. వాటిని జారనివ్వకుండా పట్టుకునేది నురుగు. అది పట్టుకోకపోతే జంట ఉండదు, రెండు విడి రేకులే మిగులుతాయి.

నురుగుకు వంపులో వాటా ఎందుకు లేదో కూడా చూద్దాం. ఉక్కు బిగువు, అంటే యంగ్ మాడ్యులస్, 2 లక్షల మెగాపాస్కల్. ఈ నురుగుది సుమారు 6. రేకును ఆనుకున్న నురుగు రేకుతో సమానంగా సాగినా, అందులో పుట్టే లాగుడు రేకులోని దానికి 33 వేలవ వంతు మాత్రమే. మొత్తం వంపు బిగువులో నురుగు వాటా వెయ్యో వంతు. అందుకే ఆ లెక్కలో నురుగును వదిలేయవచ్చు, తప్పేమీ కాదు.

కోతలో సంగతి దీనికి తలకిందులు. ఆధారం దగ్గర మన ప్యానెల్‌లో కోత బలం 2000 న్యూటన్లు. అది దాదాపు పూర్తిగా నురుగు మీదే పడుతుంది, నురుగు మందమంతటా దాదాపు సమంగా పరుచుకుంటుంది.

τ = V / (b·d) = 2000 / (1000 × 99.5) ≈ 0.02 మెగాపాస్కల్

గట్టి చెక్క దూలంలో కోత ఒత్తిడి మధ్యలో ఎక్కువగా, పైనా కిందా సున్నాగా గుండ్రటి ఆకారంలో ఉంటుందని కాలేజీలో నేర్పుతారు. శాండ్‌విచ్‌లో అది దాదాపు చదును గీత. రేకు దగ్గర ఎంతో మధ్యలోనూ అంతే. నురుగులో పనిలేకుండా కూర్చునే భాగం ఏదీ లేదు.

0.02 చిన్న సంఖ్యే. కాని ఈ నురుగు కోతకు తట్టుకునేది కూడా దాదాపు 0.1 మెగాపాస్కలే. చోటు కూడా గమనించండి. రేకుకు కష్టం నడిమిన, నురుగుకు కష్టం రెండు కొసల్లో. ఒకే ప్యానెల్‌లో రెండు భాగాలు రెండు వేరువేరు చోట్ల అలసిపోతాయి. పగులు ఎక్కడ వచ్చిందో చూస్తే ఎవరు ఓడిపోయారో చెప్పగలగడం ఇందువల్లే. ఆధారానికి దగ్గరగా, నురుగులో ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో పగులు కనిపిస్తే అది కోత పగులు. దానికి రేకు మందం పెంచి లాభం లేదు.

3. కుంగుబాటుకు రెండు మూలాలు. రెండోది నురుగులో ఉంది

నా తొలి పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఒక గిడ్డంగి కప్పుకు కుంగుబాటు లెక్కవేసి ఇంత అని రాసిచ్చాను. బిగించి ఇసుక బస్తాలు పెట్టి చూస్తే సరిగ్గా దానికి రెట్టింపు కుంగింది. తప్పు రేకులో ఉందేమోనని రోజంతా వెతికాను. తప్పు నా లెక్కలో ఉంది. ఉక్కు దూలాలకు వేసే లెక్కే వేశాను, అందులో కోత వల్ల కుంగడం అనే మాటే లేదు. ఉక్కులో అది లెక్కలోకి రానంత చిన్నది. నురుగులో అలా కాదు. ఆ వారమే హోవర్డ్ ఆలెన్ 1969లో శాండ్‌విచ్ ప్యానెళ్ళ మీద రాసిన పుస్తకం తెచ్చుకుని మొదటి అధ్యాయాలు కూర్చుని చదివాను.

మన ప్యానెల్‌కు ఆ లెక్క ఇది:

δ = 5wL⁴ / (384D) + wL² / (8S)

w పొడవు మీద పడే భారం, L ఆధారాల మధ్య దూరం. D వంపు బిగువు, రేకుల నుంచి వస్తుంది, E·b·t·d²/2. S కోత బిగువు, నురుగు నుంచి వస్తుంది, సుమారు G·b·d. నురుగు కోత మాడ్యులస్ G మనకు 3 మెగాపాస్కల్ అనుకుందాం. మొదటి భాగం 6.7 మిల్లీమీటర్లు వస్తుంది. రెండోదీ 6.7 మిల్లీమీటర్లే. మొత్తం 13.4. సగానికి సగం నురుగుదే.

రేకు మందం అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరుకు పెంచండి. ఉక్కు ఖర్చు రెట్టింపు. వంపు కుంగుబాటు 3.4కు తగ్గుతుంది, నురుగు వాటా 6.7 అలాగే ఉంటుంది. మొత్తం సుమారు 10. డబ్బు రెట్టింపు పోసి పాతిక శాతం బాగుచేశాం. అదే నురుగు మందం రెట్టింపు చేస్తే రెండు భాగాలూ తగ్గుతాయి, మొత్తం 5 మిల్లీమీటర్లకు దిగుతుంది. కుంగుబాటు తగ్గించాలంటే ముందు మందం అడగండి, రేకు తరవాత.

ఆధారాల మధ్య దూరం కూడా ఈ రెండిటినీ ఒకేలా తాకదు. దూరాన్ని సగం చేస్తే వంపు భాగం పదహారో వంతుకు పడుతుంది, కోత భాగం నాలుగో వంతుకే. 2 మీటర్ల దగ్గర వంపు వల్ల 0.4, కోత వల్ల 1.7. పొట్టి ప్యానెల్ కుంగడమంతా నురుగు కుంగడమే. పొడవాటి ప్యానెల్‌లో రేకులది పైచేయి.

ఈ తేడాను వాడుకుని నురుగు G ఎంతో మనమే కొలుచుకోవచ్చు. ఒకే ప్యానెల్ నుంచి కోసిన పట్టీని రెండు మూడు వేరువేరు దూరాల మీద నిలిపి నడిమిన P బరువు పెట్టి కుంగుబాటు కొలవాలి. అప్పుడు:

δ / (P·L) = L² / (48D) + 1 / (4S)

ఎడమవైపు సంఖ్యను L² మీద గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు రేకుల సంగతి చెబుతుంది, అది నిలువు గీతను తాకే చోటు నురుగు సంగతి చెబుతుంది. బరువు పెట్టే చోటా ఆధారాల దగ్గరా వెడల్పాటి చెక్క దిమ్మెలు వేయండి. లేకపోతే నురుగు అణిగిన లోతు కూడా కుంగుబాటులో కలిసిపోయి G తక్కువగా కనిపిస్తుంది.

ఇంకొక్క మాట. నురుగు కాలంతో పాటు మెల్లగా జారుతుంది. భారం నెలల తరబడి అలాగే ఉంటే కోత భాగం పెరుగుతూ పోతుంది, మొదటి రోజు కొలతకు రెట్టింపు దాటవచ్చు. రేకుల భాగం అలా పెరగదు. అందుకే కోల్డ్ స్టోరేజ్‌లో కూలింగ్ యూనిట్లను సీలింగ్ ప్యానెల్‌కు వేలాడదీయనివ్వను. పైనున్న ఉక్కు చట్రానికే వేలాడాలి.

4. అతుకు పోతే అంతా పోయినట్టే

నురుగులో ఉన్న 0.02 మెగాపాస్కల్ కోత రేకులోకి చేరాలంటే దారి ఒక్కటే, నురుగుకూ రేకుకూ మధ్య ఉన్న అతుకు. పఫ్ ప్యానెల్‌లో వేరే జిగురు ఉండదు. ద్రవంగా పోసిన మిశ్రమం పొంగి గట్టిపడుతూ రేకును తానే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే, రేకులు వేటికవి వంగాల్సి వస్తే, వాటి బిగువు ప్యానెల్ బిగువులో లక్షో వంతు కూడా ఉండదు.

రేకు మీద నూనె మరక, దుమ్ము, తడి ఉంటే అతుకు పడదు. చలికాలం తెల్లవారి షిఫ్టులో రేకు చల్లగా ఉంటే దాన్ని ఆనుకున్న పొర సరిగా పొంగక గట్టి పెచ్చులా ఉండిపోతుంది, తరవాత పొరలాగా ఊడివస్తుంది. పొంగే నురుగు గాలిని పైకి నెట్టుకుపోతుంది కనక పోత సమయంలో పైన ఉన్న రేకు కింద బుడగలు మిగిలే ప్రమాదం ఎక్కువ. మా మేస్త్రీ ఒకాయన ప్రతి ప్యానెల్ మీదా పోతలో ఏది పైవైపో సుద్దతో గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు ఉంటే తరవాత ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

వెతకడానికి రూపాయి బిళ్ళ చాలు. బిళ్ళతో రేకు మీద జానెడు జానెడు దూరంలో తడుతూ పోండి. అతుకు బాగున్న చోట ఒకే రకం గట్టి చప్పుడు వస్తుంది. ఊడిన చోట బోలుగా, వేరే గొంతుతో పలుకుతుంది. ముందు బాగుందని తెలిసిన చోట తట్టి చెవికి ఆ చప్పుడు పట్టించుకోవాలి. కోత ఎక్కువగా ఉండే కొసల దగ్గర మొదలుపెట్టండి. అరచేయంత బుడగ ప్యానెల్ నడిమిన, లాగుడు వైపు రేకులో ఉంటే ప్యానెల్ దాన్ని ఓర్చుకోవచ్చు. అదే బుడగ నొక్కుడు వైపు రేకు కింద ఉంటే ఊరుకోదు. ఎందుకో తరవాతి పాఠం చెబుతుంది.

5. రేకు తెగదు, ముడతపడుతుంది

నొక్కుడు పడుతున్న పల్చటి రేకును ఒక రైలు పట్టాలా ఊహించుకోండి. పట్టాకు కింద కంకర ఎలాగో రేకుకు కింద నురుగు అలాగ. నొక్కుడు పెరిగేకొద్దీ రేకు చిన్న అలల్లా పైకీ కిందికీ ఒదిగిపోవాలని చూస్తుంది. నురుగు దాన్ని కిందికి పోకుండా నొక్కి, పైకి లేవకుండా లాగి పట్టుకుంటుంది. నురుగు ఎంత మెత్తనైతే ఆ పట్టు అంత తక్కువ. ఒక హద్దు దాటితే రేకు ఒక్కసారిగా మడత పడుతుంది. దాన్నే రింక్లింగ్ అంటారు. మా షెడ్డులో ముడత అనేవాళ్ళం.

ఆ హద్దును అంచనా వేయడానికి పనివాళ్ళు వాడే సూత్రం ఇది:

σ = 0.5 × (E_f × E_c × G_c)^(1/3)

E_f రేకు బిగువు, E_c, G_c నురుగు బిగువులు. 2 లక్షలు, 6, 3 వేస్తే సుమారు 77 మెగాపాస్కల్ వస్తుంది. ఉక్కు 250 దాకా తట్టుకుంటుందని మొదటి పాఠంలో అన్నాను. నిజమే, కాని నొక్కుడు వైపు అంతదాకా పోయే అవకాశం దానికి రాదు. 77 దగ్గరే ముడతపడుతుంది. ఆరు రెట్లు అనుకున్న భద్రత రెండు రెట్లకు కూడా చాలడం లేదు.

ఈ సూత్రంలో రేకు మందం ఎక్కడా లేదు. మందమైన రేకు వేస్తే ఒత్తిడి తగ్గుతుంది, హద్దు మాత్రం కదలదు. ఇంకా గట్టి ఉక్కు తెచ్చినా అది కదలదు. హద్దును పెంచేవి నురుగు బిగువు, రేకు ఆకారం. రేకుకు సన్నటి గాడులు, చిన్న కట్టలు ఒత్తితే అది స్వయంగా బిగువు తెచ్చుకుని ముడతను వాయిదా వేస్తుంది. ప్యానెళ్ళ మీద కనిపించే ఆ నిలువు గీతలు అందానికి మాత్రమే కాదు.

రేకు కింద బుడగ ఉన్నా, సొట్ట ఉన్నా ఆ చోట నురుగు పట్టు ఉండదు, ముడత అక్కడే మొదలవుతుంది. సొట్టలు పడేది కూడా తేలిగ్గానే. 80 కిలోల మనిషి మడమ మీద నిలబడితే, అయిదు సెంటీమీటర్ల చదరం మీద సుమారు 0.3 మెగాపాస్కల్ పడుతుంది. ఈ నురుగు నొక్కుడుకు తట్టుకునేది సుమారు 0.15 నుంచి 0.2 మాత్రమే. రేకు ఆ బరువును కొంత పక్కలకు పంచుతుంది కనక ప్రతి అడుగుకూ సొట్ట పడదు, కాని గెంతితే పడుతుంది. అందుకే కప్పు మీద నడవడానికి పలకలు పరవమంటాను. స్క్రూను బలంగా బిగించినా వాషర్ కింద ఇదే జరుగుతుంది. వాషర్ రేకును తాకి, రబ్బరు కొద్దిగా నొక్కుకున్న చోట ఆపాలి.

6. ఎండ కూడా ఒక భారమే

ఇక గుంటూరు కప్పు సంగతికి వద్దాం. ఆ మధ్యాహ్నం నీలం రేకును తాకే థర్మామీటర్‌తో కొలిస్తే 65 డిగ్రీలుంది. లోపలి రేకు 5 డిగ్రీల దగ్గర ఉంది. తేడా 60. నురుగు వేడిని బాగా ఆపుతుంది కనకే రెండు రేకుల మధ్య అంత తేడా నిలిచింది. పై రేకు సాగింది, అడుగు రేకు సాగలేదు. రెండూ కలిసి ఉండాలంటే ప్యానెల్ వేడి వైపుకు ఉబ్బాలి.

నాలుగు మీటర్ల ప్యానెల్ రెండు కొసల మీదే ఉంటే ఆ ఉబ్బు సుమారు 14.5 మిల్లీమీటర్లు. మనం లెక్కవేసిన నూరు కిలోల భారం కుంగదీసిన దానికన్నా ఎక్కువ. అయినా ఆపేవాళ్ళెవరూ లేరు కనక రేకుల్లో ఒత్తిడి పుట్టదు. ప్యానెల్ స్వేచ్ఛగా ఉబ్బి, రాత్రికి తిరిగి చదునవుతుంది.

వీళ్ళ ప్యానెల్ కూడా అదే రకం, పొడవు మాత్రం ఎనిమిది మీటర్లు. ఉబ్బు పొడవు వర్గంతో పెరుగుతుంది కనక అది మధ్యలో 58 మిల్లీమీటర్లు లేవాలి. కాని సరిగ్గా ఆ మధ్యలోనే పర్లిన్‌కు స్క్రూలతో కట్టేశారు. అంటే స్క్రూలు ప్యానెల్‌ను 58 మిల్లీమీటర్లు కిందికి లాగి పట్టుకుంటున్నాయి. అంత లాగడానికి వంపునూ కోతనూ రెండిటినీ కలిపి లెక్కవేస్తే మీటరు వెడల్పుకు సుమారు 2050 న్యూటన్లు కావాలి. రెండు వందల కిలోల బరువును కప్పు నడుము మీద ఒకే వరసలో పెట్టినట్టు. ఆ బలం పుట్టించే వంపు ఘాతం 4.1 కిలోన్యూటన్ మీటర్లు, పై రేకులో నొక్కుడు సుమారు 82 మెగాపాస్కల్. ప్యానెల్ సొంత బరువు చదరపు మీటరుకు 12 కిలోలే. అది మధ్య ఆధారం మీద పై రేకును లాగి ఒక అయిదు మెగాపాస్కల్ తగ్గిస్తుంది, అంతే. మిగిలింది 77. ముడత హద్దు కూడా 77. దానికి తోడు వరసగా బిగించిన స్క్రూల వాషర్లు రేకును అణచి ఉన్నాయి. మడత సరిగ్గా ఆ గీత మీద పడింది.

యజమాని అప్పుడు అడిగిన ప్రశ్న మంచిది. "బరువు ఏమీ లేనప్పుడు ఎందుకు విరగాలండీ?" అన్నారు. బరువు లేదు కనకే విరిగింది. కప్పు మీద బరువుంటే మధ్య ఆధారం దగ్గర పై రేకు లాగుడులో ఉండేది, ఎండ తెచ్చిన నొక్కుడును ఆ లాగుడు తగ్గించేది. నిర్మలమైన ఎండ, గాలిలేని మధ్యాహ్నం, ఖాళీ కప్పు, లోపల నిండు చలి. పై రేకుకు అంతకన్నా కష్టమైన రోజు ఇంకొకటి లేదు.

మడత పడిన పదకొండు ప్యానెళ్ళూ తీయించాం. వాటి స్థానంలో నాలుగు మీటర్ల ముక్కలు రెండేసి వేసి, కీలు మధ్య పర్లిన్ మీద వచ్చేలా పెట్టాం. ఇప్పుడు ప్రతి ముక్కా ఎండలో తనకు తానే ఉబ్బి దిగవచ్చు. దీనికి ఖర్చు లేకపోలేదు. ప్రతి కొత్త కీలూ తేమ లోపలికి వచ్చే దారి. కదలికకు ఓర్చే సీలెంట్‌తో లోపలి వైపు కూడా మూయాల్సి వచ్చింది, పైన మూత రేకు వేయాల్సి వచ్చింది. ముక్కల మీద రేకు లేత తెలుపు. మడత పడని మిగతా ప్యానెళ్ళకు తెల్ల రంగు వేయించాం. తేడా 60 నుంచి 45కు తగ్గినా ఎండ తెచ్చే నొక్కుడు 82 నుంచి 62కు దిగుతుంది. ఆ ప్యానెళ్ళ మధ్య స్క్రూలన్నీ తడిమి, అతిగా బిగించినవి వదులు చేయించాం.

ఆ సాయంత్రం తీసేసిన ప్యానెల్ ఒకటి అడ్డంగా కోయించి యజమానికి చూపించాను. మడత కింద నురుగు లోపలికి అణిగి ఉంది. నాలుగు వేళ్ళ అవతల అతుకు చెక్కుచెదరలేదు, బిళ్ళతో తడితే గట్టిగా పలికింది. మడతకు అటూ ఇటూ ఉన్న రేకు ముక్కను కోసి ఆయన చేతిలో పెట్టాను. వంచి చూశారు, వదిలేస్తే తిరిగి నిటారుగా నిలిచింది. "అయితే రేకు తప్పు కాదన్నమాట" అన్నారు. కాదు. రేకు 77 దగ్గర ఓడిపోలేదు, దాన్ని పట్టుకున్న నురుగు ఓడిపోయింది. నురుగును అంతదాకా నెట్టింది మధ్యలో ఉన్న ఆ స్క్రూల వరస.